ఆరు, తొమ్మిది

తణుకులో మా ప్రెస్సులో ట్రెడిల్ మిషను ఇంకా ఉంది. ఇప్పుడు దాని మీద అచ్చు వేయం. బిల్లు పుస్తకాలకి నంబర్లు కొట్టడానికీ, పర్ఫరేషన్ వేయడానికీ వాడతాం. దాని వెనక గోడకి ఆనించి రెండు టైపు కేసులున్నాయి. వాటి గళ్ళలో సీసం అక్షరాలు దుమ్ము కొట్టుకుని పడి ఉంటాయి. ఆ కేసుల పక్కన చెక్క కుర్చీలో పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా సత్యానందం గారు వచ్చి కూర్చుంటారు.

ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. మా ఓనరు గారి నాన్నగారి కాలంలో కంపోజిటరుగా చేరారు. స్టిక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి పేర్చేవారు. అక్షరానికో గడి, వత్తుకో గడి, పొల్లుకో గడి. చూడకుండానే చెయ్యి అక్కడికే పోయేదట. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది గానీ ఆయన్ని పంపడానికి ఓనరు గారికి మనసు రాలేదు. ప్రూఫులు చూడమన్నారు. అప్పటినుంచీ ఆయన చూడకుండా ఏ కాయితమూ మిషనెక్కదు.

ఒక్కసారి ఎక్కింది. దాన్ని టైపు చేసింది నేనే.

2024 జూన్ మొదటి వారం. దగ్గర్లోని ఒక ఊరి గుడి భూముల కౌలు వేలానికి పోస్టర్లు కావాలని దేవస్థానం గుమస్తా వాట్సాప్‌లో ఫొటో పెట్టారు. చేత్తో రాసిన కాయితం, మధ్యలో మడత. 500 కాపీలు సాయంత్రం ఐదుకల్లా కావాలి, మర్నాడు పొద్దున్నే ఊళ్ళో దండోరా వేయించాలి అన్నారు. సార్వా అదను దాటేలోపు కౌలుదారు ఎవరో తేలకపోతే నారు పోసేవాళ్ళుండరు. అందుకే ఆ తొందర.

సత్యానందం గారు ఆ రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మూడు దాటినా రాలేదు. నేనే ఒకసారి చూసుకుని ఓనరు గారికి చూపించాను. ఆయన పైనుంచి కిందికి చూసి, "బాగుంది, ప్లేటు చేయించెయ్" అన్నారు. నాలుగు కొట్టేసరికి మిషన్ మ్యాన్ రాంబాబు దాదాపు 200 కాపీలు లాగేశాడు.

అప్పుడొచ్చారు సత్యానందం గారు. కళ్ళలో వేసిన చుక్కల మందుకి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. గొడుగు మేకుకి తగిలించి, తడి ఆరని పోస్టరు ఒకటి అంచులు పట్టుకుని గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తీసుకెళ్ళారు.

ఆయన చదివే పద్ధతే వేరు. ముందు పైనుంచి కిందికి చదువుతారు, తర్వాత కిందనుంచి పైకి ఒక్కో పదం. "అర్థం తెలుస్తూ ఉంటే తప్పు కనపడదు తల్లీ, కన్ను దాటేస్తుంది" అంటారు. అంకెలొచ్చిన చోట మాత్రం చూపుడు వేలు ఆనించి ఆగుతారు. ఆరు గానీ తొమ్మిది గానీ ఉంటే రెండుసార్లు ఆగుతారు. ఎందుకో అప్పటికి నాకు తెలీదు.

పోస్టరు మధ్యలో ఇలా ఉంది:

ఫసలీ 1434 నుండి 1436 వరకు మూడు సంవత్సరముల కాలపరిమితికి కౌలు హక్కు బహిరంగ వేలము. తేది 18-06-2024 మంగళవారం ఉదయం 11 గంటలకు దేవాలయ ప్రాంగణమందు.
ఆర్.ఎస్. నం. 142/1 – య. 1-85 సెం.
ఆర్.ఎస్. నం. 158/3 – య. 0-92 సెం.
ఆర్.ఎస్. నం. 187 – య. 3-10 సెం.
ఆర్.ఎస్. నం. 169/2 – య. 2-40 సెం.
ఆర్.ఎస్. నం. 203/4 – య. 1-15 సెం.
మొత్తం – య. 9-42 సెం.

సత్యానందం గారి పెదాలు కదులుతున్నాయి. సెంట్లు కూడుతున్నారు. మొత్తం సరిపోయింది. అయినా వేలు నాలుగో వరస మీదనుంచి కదల్లేదు.

"రాంబాబూ, మిషనాపు."

ఓనరు గారు లోపల్నుంచి వచ్చారు. "ఏమైంది బాబాయ్?"

"నంబర్లు మెట్లెక్కినట్టు ఎక్కుతున్నాయి బాబూ. నూట నలభై రెండు, యాభై ఎనిమిది, ఎనభై ఏడు. ఇక్కడికొచ్చేసరికి దిగింది. మళ్ళీ రెండొందల మూడు. రిజిస్టరు చూసి రాసేవాడు వరస తప్పించి రాయడు. ఇది నూట తొంభై ఆరు అయ్యుండాలి."

"వాళ్ళు అలాగే రాసిచ్చారేమో బాబాయ్. కూడిక సరిపోయింది కదా."

"కూడికకి విస్తీర్ణంతోనే పని. సర్వే నంబరుతో దానికేం పని?"

నా గుండె దడదడలాడింది. ఫోన్లో ఫొటో పెద్దది చేశాను. సరిగ్గా ఆ అంకె మీదనుంచే మడత పోయింది. ఒకటి స్పష్టంగా ఉంది. తర్వాతి రెండంకెలూ నలిగి, అటు చూస్తే 69లాగా, ఇటు చూస్తే 96లాగా ఉన్నాయి. పొద్దున్న కూడా ఇలాగే కనపడింది. అడుగుదామనుకుని, ఆయన బిజీగా ఉంటారులే అని ఊహించి కొట్టేశాను. ఆ మాట అక్కడ అందరి ముందూ చెప్పాను.

గుమస్తాకి ఫోన్ చేశాం. రింగవుతోంది, తీయడం లేదు. రెండోసారి స్విచాఫ్. గోడ గడియారంలో నాలుగూ ఇరవై.

"బాబాయ్, ఆయన ఐదుకి వస్తారు. తప్పయితే పెన్నుతో దిద్దుకుంటారు. ఇప్పుడు ప్లేటు మారిస్తే కాయితం, ప్లేటు, టైమూ అన్నీ మన నెత్తిన పడతాయి" అన్నారు ఓనరు గారు. ఆయన్నీ తప్పు పట్టలేం. కరెంటు బిల్లు కట్టడానికే తడుముకుంటున్న నెల అది.

సత్యానందం గారు సమాధానం చెప్పలేదు. కేసు దగ్గరికెళ్ళి ఒక గడిలో చెయ్యి పెట్టి, వెతికి, చిన్న సీసం ముక్క ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. మూతి మీద ఆరంకె. కాండానికి ఒక పక్క గోరు పట్టేంత గాడి.

"దాన్ని నిక్కు అంటాం. పేర్చేటప్పుడు అన్ని అక్షరాల నిక్కులూ ఒకే వైపుండాలి. తలకిందులైతే బొటనవేలికి నున్నగా తగుల్తుంది. ఇప్పుడిది తిప్పు."

తిప్పాను. తొమ్మిది.

"డెబ్బై నాలుగులో ఒక వేలం నోటీసు పేర్చాను. ఒకావిడ భూమి, అప్పు కింద పోతోంది. భర్త లేడు. వేలం ఆరో తారీకున. కరెంటు లేదు, లాంతరు పెట్టుకుని చేస్తున్నాను. ఆరు పెట్టినప్పుడు వేలికి నున్నగా తగిలింది. వేలికి తెలిసింది, నేను వినిపించుకోలేదు. అచ్చులో తొమ్మిది పడింది. ఆవిడ నోటీసు చూసుకుని తొమ్మిదో తారీకు పొద్దున్నే, చుట్టాల దగ్గర అడిగి తెచ్చిన డబ్బు కొంగున కట్టుకుని వచ్చింది. ఆఫీసు ఫైల్లో ఆరు. ఆరునే పాట పాడేశారు. కోర్టుకెళ్ళే స్తోమత ఆవిడకి లేదు."

రాంబాబు చేతిలో మసిగుడ్డ అలాగే ఉండిపోయింది. ఓనరు గారు నేలకేసి చూస్తున్నారు. ఈ సంగతి ఆయనకి కూడా తెలీదని ఆ మొహం చూస్తే అర్థమైంది.

నాకు అప్పుడు తట్టింది. మీభూమి వెబ్‌సైటు తెరిచి, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, అడంగల్‌లో ముందు 196/2 కొట్టాను. దేవస్థానం పేరు, 2-40. తర్వాత 169/2 కొట్టాను. అరవై రెండు సెంట్లు, ఎవరో రైతు పేరు మీద సొంత పట్టా.

స్క్రీను ఓనరు గారి వైపు తిప్పాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఇది గోడలకెక్కితే ఏమవుతుందో తెలుసా బాబూ?" అన్నారు సత్యానందం గారు. "అది దేవుడి భూమట అని తెల్లారేసరికి ఊరంతా పాకుతుంది. కొనేవాడు వెనక్కి పోతాడు. బ్యాంకువాడు కాయితాలు పక్కన పెడతాడు. పాట పాడుకున్నవాడు వెళ్ళి ఆ చేలో దిగితే తలకాయలు పగులుతాయి. తర్వాత పెన్నుతో ఎన్ని దిద్దితే ఏం లాభం?"

ఓనరు గారు చొక్కా చేతులు మడుచుకున్నారు. "కొత్త ప్లేటు చేయిద్దాం. అమ్మా, ఫైలు సరిచెయ్యి."

సరిచేశాను. ఈసారి సత్యానందం గారు నా పక్కనే నిలబడి, అంకెలన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివించారు. నూట తొంభై ఆరు అంటే ఒప్పుకోలేదు. ఒకటి, తొమ్మిది, ఆరు అనాలి. 142 నుంచి 9-42 దాకా అలాగే చదివాను. ఫసలీలు చదివాను. తేదీ చదివాను.

పాడైన 200 పోస్టర్ల వెనక వైపు తెల్లగా ఉంది. అలాంటివి చిత్తు కాయితాల ప్యాడ్‌లు కుట్టి అమ్మడం మాకు అలవాటు. రాంబాబు కట్ట కట్టబోతుంటే సత్యానందం గారు వద్దన్నారు. కట్ట మొత్తం కటింగ్ మిషను కింద సర్దించి, కత్తి సరిగ్గా నాలుగో వరస మీద పడేలా ఆయనే చూసి పెట్టారు. కత్తి దిగింది. ఆ నంబరు రెండు ముక్కలయింది. అప్పుడు గానీ ఆయన కూర్చోలేదు.

గుమస్తా ఏడింటికి వచ్చారు. మోటారు సైకిలు దారిలో పంక్చరైందట, ఫోన్లో చార్జింగ్ లేదట. అప్పటికి 500 కాపీలూ కట్టలు కట్టి ఉన్నాయి. ఓనరు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. నాలుగో నంబరు ముందు తప్పు పడిందనీ, మార్చి మళ్ళీ వేశామనీ.

"ఏం పడింది?"

"నూట అరవై తొమ్మిది బై రెండు."

గుమస్తా ఒక్కసారి బల్ల మీద కూర్చుండిపోయారు. "అమ్మో. ఆ రైతు భూమి ఎప్పుడో పొరపాటున 22ఏ జాబితాలోకి ఎక్కిందండీ, గుడి భూమి అని. రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. తీయించుకోవడానికి ఎన్నేళ్ళు మా ఆఫీసు చుట్టూ, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాడో. పోయినేడే తీశారు. మొన్న పిల్లకి సంబంధం కుదిరిందని, ఆ అరవై రెండు సెంట్లూ బేరం పెట్టాడు."

తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. నేను నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాను. ఆయన తాగి, పోస్టరు తీసుకుని నాలుగో వరస తన కళ్ళతో చూసుకుని, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు. ముందు చెప్పిన డబ్బులే. ఓనరు గారు ఎక్కువ అడగలేదు.

కట్టలు మోటారు సైకిలు మీద పెట్టి తాడు బిగిస్తుంటే సత్యానందం గారు గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళారు.

"బాబూ, వేలం పద్దెనిమిదే కదా? మీ ఫైల్లో కూడా పద్దెనిమిదే ఉంది కదా?"

"పద్దెనిమిదేనండీ. మంగళవారం."

సత్యానందం గారు మళ్ళీ లోపలికొచ్చారు. గోడ మీది క్యాలెండరు దగ్గరికెళ్ళి, నీళ్ళు కారుతున్న కళ్ళు తుడుచుకుని, జూన్ పద్దెనిమిది మీద చూపుడు వేలు పెట్టారు. ఆ వేలుని అలాగే గడి వెంట పైకి జరుపుకుంటూ పోయి, మంగళవారం అన్న అక్షరాల మీద ఆపారు. తర్వాత గొడుగు చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరారు.