సూది వైపు చూడకు (రక్తదాన శిబిరం షార్ట్, నిడివి 90 సెకన్లు, నిలువు ఫ్రేమ్)

కాలేజీ సెమినార్ హాల్. కుర్చీ అంచున పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. చేతిలో ఫారం చెమటకి తడిసి మెత్తబడింది. సంగీతం వద్దు, ఫ్యాన్ చప్పుడు చాలు.

స్నేహితురాలు: వేలికి ప్రిక్ చేసి, హిమోగ్లోబిన్ తక్కువుందని నన్ను పంపించేశారు. నువ్వు పాసయ్యావుగా, ఇంకేంటి?

కుర్రాడు: పాసవ్వడమే నా భయం.

(కట్. బెడ్ మీద పడుకున్నాడు. నలభై దాటిన నర్సు.)

కుర్రాడు: సిస్టర్, ఈ సూది ఇంతకుముందు ఎవరికైనా...

నర్సు కవర్ అతని కళ్ళ ముందే చింపుతుంది. క్లోజప్, చిరిగిన చప్పుడు బాగా వినబడాలి.

నర్సు: నీ కోసమే తెరిచా. అయిపోగానే ఆ డబ్బాలో పారేస్తా. నీకు ఎవరి జబ్బూ అంటదు.

కుర్రాడు: నొప్పెడుతుందా?

నర్సు: పెడుతుంది. చురుక్కుమంటుంది, అంతే. అటు గోడ మీద గడియారం చూడు.

(ముఖం చిట్లిస్తాడు. తర్వాత నెమ్మదిగా ఒక కన్ను తెరుస్తాడు. నటుడు ఇక్కడ అతి చేయకూడదు.)

కుర్రాడు: ఎంత తీస్తారు?

నర్సు: 350 మిల్లీలీటర్లు. నీ ఒంట్లో దాదాపు 5 లీటర్లుంటుంది. పోయిన ద్రవం ఒకట్రెండు రోజుల్లో నిండిపోతుంది. ఎర్రకణాలకి మాత్రం కొన్ని వారాలు పడుతుంది, అందుకే వచ్చే నెలే మళ్ళీ వస్తానన్నా తీసుకోం.

కుర్రాడు: నీరసం వచ్చి పడిపోతే?

నర్సు: కొందరికి కళ్ళు తిరుగుతాయి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళకి, నీళ్ళు తాగనివాళ్ళకి ఎక్కువ. పొద్దున తిన్నావా?

కుర్రాడు: తిన్నానండి. రెండు గ్లాసుల నీళ్ళు కూడా తాగా.

నర్సు: మంచిది. తొడలు బిగించి వదులు, మళ్ళీ బిగించు. తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పు, సిగ్గుపడకు. బెడ్ వాల్చి కాళ్ళు ఎత్తి పెడతాం, కాసేపట్లో తగ్గుతుంది.

(బంతిని పిసుకుతున్న అరచెయ్యి. చేతి మీదుగా పోతున్న ట్యూబ్. పక్కన మెషీన్ మీద బ్యాగ్ అటూ ఇటూ ఊగుతోంది. నాలుగు సెకన్లు ఏ మాటా లేదు.)

కుర్రాడు: ట్యూబ్ వెచ్చగా తగులుతోంది.

నర్సు: నీ ఒంట్లోంచే కదా వస్తోంది!

కుర్రాడు: ఇంత ముదురు రంగా? సినిమాల్లో ఎర్రగా చూపిస్తారే.

నర్సు: సిర రక్తం ఇలాగే ఉంటుంది. (బ్యాగ్ చూసి) అయిపోయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. దూదిని గట్టిగా నొక్కిపట్టు. లేవకు! పావుగంట ఇక్కడే. ఈరోజు జిమ్ముకి వెళ్ళకు, బరువులెత్తకు.

(బయట బెంచీ. మోచేతి మడతలో ప్లాస్టర్. స్నేహితురాలు నీళ్ళ సీసా అందిస్తుంది.)

స్నేహితురాలు: ఏడ్చావా?

కుర్రాడు: గడియారం చూశా.

తెర మీద: రక్తదాన శిబిరం. శుక్రవారం, ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు, సెమినార్ హాల్. 18 నిండినవాళ్ళు గుర్తింపు కార్డుతో రండి. తిని రండి.