ఆఫర్ లెటర్‌లోని స్టాక్ ఆప్షన్ల గురించి

నమస్తే మేడమ్,

ఆఫర్ లెటర్ అందింది, థాంక్యూ. టీమ్‌తో మాట్లాడిన ప్రతిసారీ ఈ పని మీద ఆసక్తి పెరిగిందే తప్ప తగ్గలేదు. జీతం దగ్గర మళ్లీ బేరమాడే ఉద్దేశం కూడా లేదు. ఇప్పుడు వస్తున్నదానికంటే 15 శాతం తక్కువే అయినా, ఆ తేడాను స్టాక్ ఆప్షన్లు పూడుస్తాయని మీరు ఫోన్‌లో అన్నారు కదా. అందుకే వాటి సంగతి తెలుసుకున్నాకే సంతకం పెడదామని ఆగాను.

లెటర్‌లో దీని గురించి ఉన్నది ఒక్క వాక్యమే. కంపెనీ ప్లాన్‌కు లోబడి 8,000 ఆప్షన్లు, నాలుగేళ్ల వెస్టింగ్, ఏడాది క్లిఫ్ అని. ఆ ప్లాన్ కాపీ మాత్రం జత చేయలేదు. వీలైతే అది పంపండి, నా ప్రశ్నల్లో సగం దాంతోనే తీరిపోవచ్చు.

8,000 అంటే వినడానికి బాగానే ఉంది కానీ, మొత్తం ఎన్ని షేర్లలో 8,000 అన్నది తెలియకపోతే ఆ అంకెతో ఏ లెక్కా వేయలేను. మొత్తం 50 లక్షల షేర్లుంటే నా వాటా 0.16 శాతం. కోటి ఉంటే సరిగ్గా అందులో సగం. కాబట్టి ఇప్పటికే ఇచ్చిన ఆప్షన్లు, పూల్‌లో మిగిలినవి, షేర్లుగా మారాల్సిన కన్వర్టిబుల్ నోట్లు ఏవైనా ఉంటే అవి, అన్నీ కలిపిన ఫుల్లీ డైల్యూటెడ్ సంఖ్య చెప్పగలరా? దాంతోపాటు నా స్ట్రైక్ ప్రైస్ ఎంత, గత రౌండ్‌లో ఇన్వెస్టర్లు ఒక్కో షేరుకు ఎంత పెట్టారు అన్నదీ కావాలి. ఇన్వెస్టర్లు కొన్నవి ప్రిఫర్డ్ షేర్లు, నాకు వచ్చేవి కామన్ షేర్లు అని తెలుసు, ఆ ధరనే నా షేరు విలువ అనుకోను. అయినా ఎంతో కొంత అంచనా దొరుకుతుంది.

వెస్టింగ్ విషయానికొస్తే, లెక్క నేను చేరిన రోజు నుంచి మొదలవుతుందా, బోర్డు గ్రాంట్‌ను ఆమోదించిన రోజు నుంచా? బోర్డు మూడు నెలల తర్వాత కూర్చుంటే క్లిఫ్ కూడా అంత వెనక్కి జరుగుతుందేమోనని అడుగుతున్నాను. ఏడాది నిండగానే 2,000 చేతికొస్తాయనుకుంటే, మిగిలిన 6,000 నెలనెలా వెస్ట్ అవుతాయా, మూడు నెలలకోసారా? 17 నెలలకు బయటికొస్తే మొదటి పద్ధతిలో దాదాపు 2,833, రెండో పద్ధతిలో 2,500. పెద్ద తేడా కాదు లెండి, కానీ రాతలో ఉంటే మంచిది.

నాకు అసలు టెన్షన్ పెడుతున్నది ఉద్యోగం వదిలాక ఏమవుతుందన్నది. చాలా ప్లాన్‌లలో వెస్ట్ అయిన ఆప్షన్లను 90 రోజుల్లోపు ఎక్సర్‌సైజ్ చేయాలి, లేకపోతే పోతాయి. అప్పటికి కంపెనీ లిస్ట్ కాకపోతే, అమ్ముకునే దారి లేని షేర్ల కోసం స్ట్రైక్ ప్రైస్, దాని మీద పన్ను ఏదైనా పడితే అదీ, జేబులోంచి కట్టుకోవాలి. మీ దగ్గర ఆ గడువు ఎంత? పొడిగించే అవకాశం ఉందా? నాకైతే మరో వెయ్యి ఆప్షన్లకంటే గడువు పొడిగింపే ముఖ్యం. అలాగే వెస్ట్ అయినవాటిని కంపెనీ వెనక్కి తీసుకునే షరతు ప్లాన్‌లో ఉందా, కంపెనీని ఎవరైనా కొనేసి నన్ను తీసేస్తే మిగతావి ముందే వెస్ట్ అవుతాయా అన్నవి కూడా చెప్పండి.

ఇక ఫండింగ్. సిరీస్ ఎ అయిపోయింది, బి కోసం మాటలు నడుస్తున్నాయి అన్నారు. ఎ రౌండ్ డబ్బు ఇప్పటి ఖర్చుతో ఇంకా ఎన్ని నెలలు వస్తుంది? 18 నెలలైతే నిశ్చింతగా ఉంటాను, ఆరు నెలలైతే ఈ జీతం తగ్గింపు గురించి మళ్లీ ఆలోచించాలి. బి వచ్చేటప్పుడు ఆప్షన్ పూల్ పెంచుతారా? పెంచితే నా శాతం ఇంకొంచెం పలచబడుతుంది, అది మామూలే, ముందే తెలిస్తే చాలు. ఇన్వెస్టర్లకు లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఒక రెట్టేనా, అంతకంటే ఎక్కువా? కంపెనీ తక్కువ ధరకు అమ్ముడైతే, వాళ్ల వాటా పోగా కామన్ షేర్లకు ఏమైనా మిగులుతుందా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

వీటిలో కొన్ని మీ చేతిలో లేనివని తెలుసు. ఫైనాన్స్ వాళ్లతోగానీ ఫౌండర్‌తోగానీ అరగంట కాల్ పెట్టించినా సరిపోతుంది. రేపు, ఎల్లుండి సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా నాకు ఓకే. బయటికి చెప్పకూడని అంకెలుంటే గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టడానికి సిద్ధం.

ఆఫర్‌కు గడువు శుక్రవారం వరకే ఉంది. ఈ వివరాలు రావడానికి సమయం పట్టేలా ఉంటే, దాన్ని వచ్చే మంగళవారానికి మార్చి, ఆ మాట మెయిల్‌లో రాసి పంపగలరా?

ఉంటానండి.