డిబేట్ తయారీ: కళాకృతిని కళాకారుడి నడవడిక నుంచి విడదీసి చూడాలా?

విజయనగరంలో జరిగే అంతర్ కళాశాలల పోటీకి వెళ్తున్న మన ఇద్దరు వక్తల కోసం

మోషన్: "కళాకృతి విలువను కళాకారుడి నడవడికతో ముడిపెట్టకూడదు."

ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు, ఆఖర్న రెండు నిమిషాల రిబటల్. మనం ఎటువైపో ఆ ఉదయం చీటీ తీశాకే తెలుస్తుంది. కాబట్టి రెండు వైపులూ సమానంగా సాధన చేయండి. మనసుకి నచ్చిన వైపు మీద ఎక్కువ టైం పెట్టకండి, చీటీ రెండోవైపు వస్తే గొంతులోనే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ మోషన్‌లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఈ పద్యం, ఈ బొమ్మ, ఈ సినిమా ఎంత బాగుంది అన్నది ఒకటి. దాన్ని చేసిన మనిషికి వేదిక, సన్మానం, డబ్బు ఇవ్వాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పే హక్కు ఎవరికైనా ఉంది. ఎక్కువ టీములు ఈ రెండింటినీ కలిపేసి గట్టిగా అరుస్తాయి. మొదటి వక్త మొదటి నిమిషంలోనే ఈ గీత గీసేయాలి, ఎటువైపు వచ్చినా సరే.

అనుకూలంగా మాట్లాడాల్సి వస్తే

అందరూ ఇటలీ చిత్రకారుడు కారవాజియోతో మొదలుపెడతారు. 1606లో రోమ్‌లో ఒకణ్ణి చంపి పారిపోయాడు, అయినా ఆయన బొమ్మల్లో వెలుగునీడల గొప్పతనం తగ్గలేదు అంటారు. పాయింటు సరైనదే. కానీ జడ్జీలు అది చాలాసార్లు వినేసి ఉంటారు. దాన్ని ఒక్క వాక్యంలో ముగించి మన తెలుగు సాక్ష్యానికి రండి.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న కవయిత్రి. "రాధికాసాంత్వనము" ఆమె కావ్యం. కందుకూరి వీరేశలింగం ఆ పుస్తకాన్ని తప్పుపట్టినప్పుడు, ఆమె వేశ్య అన్న సంగతిని కూడా అందులో కలిపారు. తర్వాత 1910లో గాయని బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చువేయించారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అన్న అర్థంలో ముందుమాటలో నిలదీశారు. పంతులుగారు స్వయంగా ఒప్పుకున్న కావ్యంలో శృంగారం లేదా అని కూడా అడిగారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం 1947లో గానీ పోలేదు.

ఇక్కడ నిదానంగా మాట్లాడండి. మన వాదం ఇది: నడవడికతో కళను తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉందో చూడండి. మగ కవులు శృంగారం రాస్తే ప్రబంధం అయింది. ఆడమనిషి రాస్తే ఆమె పుట్టుక, వృత్తి చర్చకు వచ్చాయి. పద్యం పద్యంగా నిలబడే అవకాశమే ఆమెకు దక్కలేదు. నడవడికను కొలమానం చేస్తే ముందుగా నష్టపోయేది బలం లేనివాళ్లే.

మన ఊరి నాటకం సంగతి కూడా చెప్పండి. "కన్యాశుల్కం"లో సౌజన్యారావు పంతులు వేశ్యలను కన్నెత్తి చూడనని పట్టుబట్టిన మనిషి. మధురవాణి మగవేషంలో ఆయన ఇంటికి వెళ్లి మాట్లాడుతుంది. ఎదుట ఉన్నది ఫలానా అని తెలియనంతసేపూ ఆమె తెలివి, మంచితనం ఆయనకు కనిపిస్తూనే ఉంటాయి. తెలిశాక ఆయనకొచ్చే తొట్రుపాటే మన మోషన్. విజయనగరం జడ్జీలకు ఈ సన్నివేశం పరిచయం చేయనక్కర్లేదు. గురజాడ పేరు అరిచి చప్పట్లు అడగకుండా, సన్నివేశాన్ని వాదంగా వాడండి.

చివరగా చిన్న పాయింటు: ఎవరు రాశారో తెలియని జానపదాలు, చాటుపద్యాలు మనకెన్నో ఉన్నాయి. వాటి కర్తల నడవడిక తెలియకుండానే వాటిని ప్రేమిస్తున్నాం కదా.

వ్యతిరేకంగా మాట్లాడాల్సి వస్తే

ఇక్కడ "చెడ్డవాడి కళ చెడ్డదే" అని మాత్రం అనకండి. అది ఓడిపోయే మాట, కారవాజియో ఒక్కడు చాలు దాన్ని కొట్టిపారేయడానికి. మన వాదం మూడు మెట్లు ఎక్కాలి, మూడోది అన్నిటికంటే గట్టిది.

మొదటిది, జీవితం తెలిశాక రచన అర్థమే మారే సందర్భాలు ఉంటాయి. కెనడా కథకురాలు ఆలిస్ మన్రోకి 2013లో నోబెల్ వచ్చింది. 2024లో ఆమె చనిపోయిన కొద్ది వారాలకు, చిన్నప్పుడు సవతి తండ్రి తనను లైంగికంగా వేధించాడని, ఆ సంగతి తెలిసినా తల్లి అతనితోనే ఉండిపోయిందని కూతురు బయటపెట్టింది. కుటుంబ రహస్యాల గురించి, తెలిసీ ఊరుకునే మనుషుల గురించి మన్రో రాసిన కథల్ని ఇప్పుడు మునుపటిలా చదవలేం. వాక్యం మారలేదు, చదివే మనకు తెలిసింది మారింది. కథ విలువలో అర్థం ఒక భాగమైతే, నడవడికను బయట నిలబెట్టడం కుదరదు.

రెండోది సన్మానం. రోమన్ పొలాన్‌స్కీ పదమూడేళ్ల బాలికతో లైంగిక చర్య నేరాన్ని ఒప్పుకుని, శిక్ష పడకముందే 1978లో అమెరికా విడిచి పారిపోయాడు. 2003లో అదే దేశం అతనికి ఉత్తమ దర్శకుడి ఆస్కార్ ఇచ్చింది. హాల్లో చాలామంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు సినిమాకే అని ఎవరైనా నమ్మకంగా చెప్పగలరా? ఈ ప్రశ్న అడిగి రెండు క్షణాలు ఆగండి.

మూడోదానికి కనీసం ఒకటిన్నర నిమిషం కేటాయించండి. చాలా కళలు మనిషి పక్కన మనిషి కూర్చుని నేర్చుకునేవి. మనది సంగీతానికి పేరుపడ్డ ఊరు. శిష్యురాలి చేతిని తీగ మీద సరిచేసే గురువు ఎంత దగ్గరగా కూర్చుంటాడో, ఆమెను కచేరీకి పంపేదీ ఆపేదీ ఆయనే ఎలా అవుతాడో ఇక్కడివాళ్లకు తెలుసు. ఆ దగ్గరితనాన్ని ఒకడు దుర్వినియోగం చేస్తే ఆ అమ్మాయి వీణ మూలన పెట్టేస్తుంది. ఆమె వాయించాల్సిన కచేరీలు ఎప్పటికీ జరగవు. "గొప్ప కళ పోతుంది, కాబట్టి మనిషిని పట్టించుకోకండి" అనేవాళ్లను ఇలా అడగండి: అతని వల్ల పుట్టకుండా పోయిన కళను ఏ లెక్కలో వేస్తారు? నా దృష్టిలో ఈ టాపిక్ మొత్తంలో దీన్ని మించిన వాదం లేదు. రెండో వక్త దీన్ని ఆవేశంతో కాకుండా, తాపీగా, సూటిగా చెప్పాలి.

రిబటల్

అనుకూలంలో ఉన్నప్పుడు ఈ వీణ వాదం మనమీదికి వస్తే, దాన్ని కాదనకండి. "శిక్షించండి, పదవి నుంచి తీసేయండి, వేదిక ఇవ్వకండి. అది మనిషి మీద తీర్పు. అతను వాయించిన రాగం మీద తీర్పు వేరు" అనండి. మొదటి నిమిషంలో గీసిన గీత ఇక్కడ పనికొస్తుంది.

వ్యతిరేకంలో ఉన్నప్పుడు ముద్దుపళని వస్తే చాలామంది తడబడతారు. జవాబు ఉంది: "ముద్దుపళని ఎవరినీ గాయపరచలేదు. పుట్టుక, వృత్తి నడవడిక కాదు. మేం మాట్లాడుతున్నది మరో మనిషికి చేసిన హాని గురించి." ఈ తేడా గట్టిగా పట్టుకుంటే వాళ్ల ప్రధాన ఆయుధం మన చేతికొస్తుంది.

ఒక హెచ్చరిక. ఈ మధ్య వార్తల్లో ఆరోపణలు ఎదుర్కొన్న తెలుగు సినిమావాళ్ల పేర్లు ఎవరైనా తీస్తే మీరు ఆ దారిలోకి వెళ్లకండి. కోర్టులో తేలని విషయాన్ని తేలినట్టు మాట్లాడటం అన్యాయం, జడ్జీలు మార్కులు కూడా తగ్గిస్తారు. పైన నేను రాసినవి ఒప్పుకున్న నేరాలు, అచ్చులో ఉన్న చరిత్ర, బాధితురాలు స్వయంగా చెప్పినవి. వాటి దగ్గరే ఉండండి.

"మరి మీరు పొలాన్‌స్కీ సినిమా చూస్తారా, చూడరా?" అని జడ్జి నేరుగా అడగొచ్చు. తప్పించుకోకండి. అనుకూలమైతే: "చూస్తాను. బాగుంటే బాగుందంటాను. ఆయనకు దండ మాత్రం వేయను." వ్యతిరేకమైతే: "చూసినా, ఆ అమ్మాయి సంగతి తెలిసిన మనిషిగానే చూస్తాను. తెలియనట్టు నటించి మెచ్చుకోలేను."