బాచుపల్లిలో మా అపార్ట్‌మెంట్: రెండేళ్లు కాపురం చేశాక రాస్తున్న రివ్యూ

రేటింగ్: 5కి 2.5

మేం బీ బ్లాక్ ఏడో అంతస్తులో ఉంటాం. త్రీ బీహెచ్‌కే, 1,650 ఎస్ఎఫ్‌టీ, తూర్పు ముఖం. 2019 జూన్‌లో బుక్ చేశాం, 2023 అక్టోబర్‌లో తాళాలు చేతికొచ్చాయి. మూడు బ్లాకుల్లో కలిపి 280 ఫ్లాట్లు. ఇదే బిల్డర్ ఇప్పుడు పక్క స్థలంలో రెండో ఫేజ్ మొదలుపెట్టాడు. ఆదివారాలు చూడ్డానికి వస్తున్నవాళ్లు గేటు దగ్గర మమ్మల్ని ఆపి "ఎలా ఉందండీ?" అని అడుగుతున్నారు. నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెప్పాలి. ప్లాన్ చాలా బాగుంది. ఏ గదిలోనూ పగలు లైటు వేయాల్సిన పని లేదు, కారిడార్లు ఇరుకు కాదు, ఒకరి గుమ్మం ఇంకొకరి గుమ్మానికి ఎదురుగా లేదు. పిల్లర్లు, స్లాబుల విషయంలో ఇంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. మెయిన్ డోర్ టేకు చెక్క, మాట ఇచ్చినట్టే ఇచ్చారు. కారు పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య తలుపు పూర్తిగా తీసి దిగొచ్చు. స్కూళ్లు దగ్గర. సాయంత్రం మియాపూర్ వైపు ట్రాఫిక్ మాత్రం ఓపిక పట్టాల్సిందే, అది బిల్డర్ తప్పు కాదు.

ఇక ఆలస్యం. మా సేల్ అగ్రిమెంట్‌లో 2021 డిసెంబర్ అని ఉంది. కరోనా కారణంగా 2020లో ఇళ్ల ప్రాజెక్టులను నియంత్రించే రెరా సంస్థ, గడువును ఆరు నెలలు పెంచింది. అందులో మాకెవరికీ అభ్యంతరం లేదు, కూలీలు ఊళ్లకు వెళ్లిపోవడం కళ్లారా చూశాం. ఆ లెక్కన 2022 జూన్‌కి ఇవ్వాలి. ఇచ్చింది 2023 అక్టోబర్‌లో. పదహారు నెలలు. ఆ పదహారు నెలలూ అద్దె 18 వేలు, బ్యాంకు వాయిదా 54 వేలు రెండూ కట్టాం. ఒక్క అద్దే 2 లక్షల 88 వేలైంది. స్లాబ్ పడిన వారంలోపే డిమాండ్ లెటర్ వచ్చేది, కట్టడం పది రోజులు ఆలస్యమైతే వడ్డీ వేసేవాళ్లు. వాళ్ల ఆలస్యం గురించి అడిగితే ప్రతిసారీ "నెక్స్ట్ క్వార్టర్ సార్" అనే మాటే.

ఇక్కడ ఒక విషయం తెలుసుకోవాలి. మా అగ్రిమెంట్‌లో ఆలస్యానికి నెలకు ఎస్ఎఫ్‌టీకి 5 రూపాయల పరిహారం అని రాశారు. అంటే మాకు నెలకు 8,250. రెరా చట్టం 18వ సెక్షన్ చెప్పేది వేరు. ఫ్లాటు వదులుకోకుండా ఆగినవాళ్లకు, తాళాలు ఇచ్చేదాకా ప్రతి నెలకూ మనం కట్టిన డబ్బు మీద వడ్డీ ఇవ్వాలి. తెలంగాణ రూల్స్ ప్రకారం ఆ వడ్డీ, ఎస్‌బీఐ అప్పులకు ప్రామాణికంగా పెట్టుకునే ఎంసీఎల్‌ఆర్ రేటుకి 2 శాతం కలిపినంత. అప్పటికి మేం కట్టింది సుమారు 80 లక్షలు. పది శాతం వేసుకున్నా నెలకు 66 వేలు దాటుతుంది. 8,250 ఎక్కడ, 66 వేలు ఎక్కడ! చివరికి మాకు ముట్టింది ఆరు నెలల పరిహారం, 49,500 రూపాయలు, అది కూడా చేతికివ్వకుండా మెయింటెనెన్స్ డబ్బులో సర్దేశారు.

తాళాలిచ్చే రోజు ఇంకొకటి జరిగింది. ఆఫీసులో నాలుగు కాగితాలు పెట్టి సంతకం చేయమన్నారు. మూడో కాగితం అడుగున "ఫ్లాటు అన్ని విధాలా సంతృప్తిగా ఉంది, ఆలస్యం గురించి కంపెనీపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. మా ఆవిడ చదివి, "ఈ లైన్ కొట్టేసి ఇవ్వండి" అంది. అలా అయితే తాళాలు ఆగుతాయన్నారు. కార్తీక మాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాం, చుట్టాలందరికీ చెప్పేశాం. సంతకం పెట్టేశాం. నేను ఇప్పటికీ బాధపడేది ఆ సంతకం గురించే. కనీసం "అభ్యంతరాలతో తీసుకుంటున్నాం" అని చేత్తో ఒక ముక్క రాసి, ఫోటో తీసుకుని ఉండాల్సింది. మా పై అంతస్తు ఆయన అలాగే రాశారు. ఆయన తాళాలు ఆగలేదు.

అప్పటికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కూడా రాలేదు. ఇంటీరియర్ పనుల కోసం తాళాలిస్తున్నామని చెప్పి ఇచ్చారు. ఓసీ 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ నాలుగు నెలలూ కరెంటు తాత్కాలిక కనెక్షన్ మీదే, అది పోతే జనరేటర్. గృహప్రవేశం రోజు మా బ్లాకులో రెండు లిఫ్టుల్లో ఒకటి బిగించలేదు, రెండోది సిమెంటు బస్తాలు మోస్తోంది. మా అమ్మకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మా అబ్బాయి ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుని వెనకాలే ఎక్కుతూ, రెండంతస్తులకోసారి ఆవిడని కూర్చోబెట్టాడు. పైకొచ్చేసరికి పాలు పొంగిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు, చెంగుతో ముఖం తుడుచుకుని దేవుడి పటం ముందు కూర్చుంది.

క్వాలిటీ విషయంలో పెద్ద సమస్య చెమ్మ. 2024 జులైలో వానలు పట్టిన పది రోజులకు పిల్లల గది గోడ మీద, చదువుకునే బల్ల వెనకాల, అరచేతి మేర పెయింటు ఉబ్బింది. వేలితో నొక్కితే లోపల పుట్టీ తడి పిండిలా జారింది. సైట్ ఇంజనీర్ వచ్చి గీకి, పుట్టీ పెట్టి, రంగేసి వెళ్లాడు. ఆగస్టులో మళ్లీ అదే చోట. అసలు కారణం కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య సందు, బయటివైపు సీలెంట్ సరిగా పెట్టలేదు. లోపల ఎన్నిసార్లు రంగేస్తే ఏం లాభం? బయట నుంచి తాళ్ల మీద మనిషిని దించి పని చేయించాలి, దానికి ఖర్చు. అందుకే సాగదీశారు. ఇంకో రెండు నెలలకు మా బాత్రూం నీళ్లు కింద ఆరో అంతస్తు వాళ్ల సీలింగ్‌లోకి దిగాయి. టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టి చూశాం. గట్టిగా పరిచిన చోట టక్ మంటుంది, కింద సిమెంటు నిండని చోట డొల్లగా మోగుతుంది. ఆ బాత్రూంలో 11 టైల్స్ డొల్ల. మీరు ఫ్లాటు చెక్ చేసుకునేటప్పుడు ఈ పని తప్పకుండా చేయండి, అరగంట పడుతుంది.

"వారంటీ ఒక ఏడాదే, అయిపోయింది" అన్నారు. అది నిజం కాదు. చట్టం 14వ సెక్షన్ ప్రకారం తాళాలిచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ నాణ్యతలోగానీ లోపం చూపిస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు మానేసి, ఆ సెక్షన్ నంబర్ రాసి, తేదీలున్న ఫోటోలు పెట్టి మెయిల్ చేశాను. పందొమ్మిదో రోజు తాళ్లు వేసుకుని మనుషులు దిగారు. బాత్రూం మొత్తం తవ్వి వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేశారు. పని చేసిన మేస్త్రీ మంచివాడు, 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద ఇంటివాళ్ల సీలింగ్ చూపించాకే టైల్స్ పరిచాడు. 2025 వానలకు మా ఇంట్లో చెమ్మ రాలేదు. అంటే చేతకాక కాదు, మొదటిసారి చేయించలేదు అంతే. ఇలాంటి మెయిల్ రాయని ఇళ్లలో ఇప్పటికీ గోడలు ఉబ్బుతూనే ఉన్నాయి.

మెయింటెనెన్స్ మాటకొస్తే నాకు ఎక్కువ కోపం ఇక్కడే. రెండేళ్ల మెయింటెనెన్స్ ముందే కట్టించుకున్నారు, ఎస్ఎఫ్‌టీకి నెలకు 3 రూపాయల చొప్పున మాకు 1,18,800, పైన జీఎస్టీ. ముందు ముందు పెద్ద ఖర్చుల కోసం దాచి అసోసియేషన్‌కి అప్పగించాల్సిన కార్పస్ ఫండ్ ఎస్ఎఫ్‌టీకి 50 చొప్పున 82,500. రెండేళ్లు అనేది ఓసీ వచ్చిన దగ్గర్నుంచి కాక 2023 అక్టోబర్ నుంచే లెక్కపెట్టారు. లిఫ్టు లేని నెలలకు, క్లబ్‌హౌస్ తెరవని నెలలకు కూడా మేం మెయింటెనెన్స్ కట్టినట్టే.

బ్రోచర్‌లో మంజీర నీళ్లు అని రాశారు. కనెక్షన్ ఉంది, కాదనను. కానీ 280 ఇళ్లకు వచ్చే నీళ్లు వంటకే సరిపోతాయి. ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు తగ్గి రోజుకు పది, పన్నెండు ట్యాంకర్లు దిగుతాయి, ఆ ఖర్చు విడిగా మా మీదే వేశారు. మురుగునీటిని శుద్ధి చేసి ఫ్లష్‌లకు పంపే ఎస్‌టీపీని రాత్రిళ్లు ఆపేసేవాళ్లు, కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి. పొద్దున్నే ఫ్లష్‌లో రంగు నీళ్లు, సీ బ్లాక్ మొదటి రెండంతస్తుల వాళ్లకు కిటికీలు తీయలేనంత వాసన. వాళ్లు చంటిపిల్లలతో ఎలా ఉన్నారో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. జిమ్ 2024 డిసెంబర్‌లో తెరిచారు. స్విమ్మింగ్ పూల్ ఒక్క వేసవి నడిచింది. లైబ్రరీ అని చూపించిన గది ఇప్పుడు రెండో ఫేజ్ సేల్స్ ఆఫీసు.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ల మీద మాత్రం ఒక్క మాట అననివ్వను. జీతాలు ఆలస్యమైన నెలల్లో కూడా పని ఆపలేదు.

రెండేళ్లు 2025 సెప్టెంబర్‌తో ముగిశాయి. అసోసియేషన్ రిజిస్టర్ చేయించుకుని, అక్టోబర్ నుంచి మెయింటెనెన్స్ మేమే చూసుకుంటున్నాం. ఎస్‌టీపీ 24 గంటలూ నడుస్తోంది, ఖర్చు నెలకు ఎస్ఎఫ్‌టీకి 3.40 పడుతోంది, వాసన లేదు. తేలనిది కార్పస్ ఫండ్. అన్ని ఫ్లాట్లవీ కలిపితే రెండు కోట్లు దాటుతుంది. ఆడిట్ లెక్కలు, రెండేళ్ల వడ్డీ, కామన్ ఏరియాల కాగితాలు, లిఫ్టులు, జనరేటర్ల ఏఎంసీ పత్రాలు అడుగుతూ మూడు లేఖలు రాశాం. జనరేటర్ల పత్రాలు మాత్రం ఇచ్చారు. మిగతా వాటికోసం అసోసియేషన్ పేరుతో రెరాలో ఫిర్యాదు తయారవుతోంది.

రెండో ఫేజ్‌లో కొనాలా అని నన్ను అడిగేవాళ్లకు: ప్లాన్ కోసం, లొకేషన్ కోసం అయితే చూడండి. కానీ రెరా సైట్‌లో rera.telangana.gov.in లో ప్రాజెక్టు పూర్తయ్యే తేదీ ఏం రాశారో చూసి, అదే తేదీ అగ్రిమెంట్‌లో ఉందో లేదో పోల్చండి. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ అడిగితే ఇవ్వకండి, చట్టం ఒప్పుకోదు. మెయింటెనెన్స్ గడువు ఓసీ తేదీ నుంచి మొదలవుతుందని, కార్పస్ ఫలానా రోజుకు అసోసియేషన్ ఖాతాలో పడుతుందని రాయించుకోండి. సేల్స్ అమ్మాయి చెప్పే మాటలు మెయిల్‌లో పంపమనండి. ఫ్లాటు చూడ్డానికి ఆదివారం కాకుండా, గట్టి వాన పడిన మర్నాడు పొద్దున రండి. ముందు సెల్లార్ రెండులోకి దిగండి. బీ బ్లాక్ బెల్ కొడితే నేనే వచ్చి చూపిస్తాను.

కార్పస్ డబ్బు మా ఖాతాలో పడిన రోజు రేటింగ్ 3.5కి మారుస్తాను.