మన గూగుల్ పేజీకి తిరగరాసిన జవాబులు

మామయ్య గారికి నమస్కారం.

గూగుల్‌లో మన హోటల్ మీద వచ్చిన ఫిర్యాదులకు మన కౌంటర్ నుంచి వెళ్లిన జవాబులు చదివాను. తప్పంతా తినడానికి వచ్చినవారిదే అన్నట్లు ఉన్నాయవి. కొత్తగా వచ్చేవారు ఫిర్యాదుతో పాటు మన జవాబును కూడా చదివే మనం ఎలాంటివాళ్లమో అంచనా వేసుకుంటారు కనుక, వంటవాళ్లనూ పార్శిల్ కుర్రాళ్లనూ అడిగి జరిగినదేమిటో తెలుసుకున్న తరువాతే వీటిని తిరగరాశాను.

అన్నింటికంటే నన్ను బాధించినది వెజ్ బిర్యానీలో చికెన్ ముక్క వచ్చిందన్న ఫిర్యాదు. దానికి మనం పెట్టిన జవాబు: "మా దగ్గర వెజ్, నాన్‌వెజ్ పూర్తిగా వేరు. ఇలా జరిగే అవకాశమే లేదు. నిరాధారమైన ఆరోపణలు చేయవద్దు." దాని స్థానంలో ఇది పెట్టండి:

"నమస్కారమమ్మా. కార్తీక సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రాలు చూశాక మీరు విప్పిన పార్శిల్‌లో మాంసం ముక్క కనిపించిందనీ, ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదనీ చదివి మేము ఎంతో బాధపడ్డాము. మమ్మల్ని క్షమించండి. అలా జరిగే అవకాశమే లేదని మేము మొదట రాసిన మాట నిజం కాదు, దానిని తొలగించాము. విచారిస్తే తెలిసినది ఇది: వంట వేరువేరుగానే జరిగింది గానీ, రాత్రి రద్దీలో పార్శిల్ కౌంటర్ దగ్గర వెజ్ హండీ, చికెన్ హండీ పక్కపక్కనే ఉండడంతో ఒకే గరిటెతో రెండింటిలోనూ తీశారు. శాకాహారాన్ని వేరుగా ఉంచాలన్నది ఆహార భద్రతా నిబంధన; ఆ నిబంధన లేకపోయినా, మమ్మల్ని నమ్మి వెజ్ అడిగినవారికి ఆ జాగ్రత్త మేము పాటించి తీరవలసినదే. బుధవారం నుంచి వెజ్ హండీలను హాలు అవతలి వైపు కౌంటర్‌కు మార్చాము, వాటికి ఆకుపచ్చ పిడి ఉన్న గరిటెలు కేటాయించాము, ఆ కౌంటర్‌లో ఉన్న మనిషి నాన్‌వెజ్ పార్శిల్ ముట్టుకోకుండా ఏర్పాటు చేశాము. మీరు చెల్లించిన 640 రూపాయలు మీ యూపీఐ ఖాతాకు తిరిగి పంపాము; మీ వ్రతానికి కలిగిన భంగం దానితో తీరదని మాకు తెలుసు. మళ్లీ మా దగ్గర తినమని ఇప్పుడు అడగలేము. మీరు ఎప్పుడైనా వచ్చి చూడదలిస్తే మాత్రం వంటగది తలుపు తెరిచే ఉంటుంది."

రెండవది సర్వీస్ ఛార్జ్ గురించి. "మెనూ చివరి పేజీలో రాసే ఉంది, చదువుకోవలసింది" అన్నాము. ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా మన వైపు లేదు. కొత్త జవాబు:

"నమస్కారమండీ. మీ బిల్లు తీసి చూశాము. 1,800 రూపాయల భోజనానికి 180 రూపాయల సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ కలిపి 2,079 రూపాయలు తీసుకున్నాము. తీసేయమని మీరు అడిగితే కుదరదన్నాము. అది మా తప్పు. సర్వీస్ ఛార్జ్‌ను హోటళ్లు తమంతట తాము బిల్లులో చేర్చకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మెనూలో చిన్న అక్షరాలతో రాసి ఉంచినంత మాత్రాన మీ అంగీకారం తీసుకున్నట్లు కాదు. జీఎస్టీతో సహా మీకు రావలసిన 189 రూపాయలు వెనక్కి పంపాము, బిల్లింగ్ మెషిన్ నుంచి ఆ ఛార్జ్ తీసేశాము. మీ అమ్మగారి ముందు మీతో వాదించిన వెయిటర్ మేము చెప్పమన్న మాటే చెప్పాడు. కనుక ఆ క్షమాపణ కూడా మేమే చెప్పుకుంటున్నాము."

ఒక్క స్టార్ ఇచ్చి ఏమీ రాయనివారికి నేను జవాబు రాయలేదు. ఏ తప్పుకో తెలియకుండా క్షమించమంటే పై రెండు జవాబులు కూడా మొక్కుబడిగా కనిపిస్తాయి. ఆదివారం ఆలస్యం గురించి "రద్దీని అర్థం చేసుకోవాలి" అన్నదాని బదులు ఇది చాలు:

"నమస్కారమండీ. ఆదివారం మధ్యాహ్నం మిమ్మల్ని 50 నిమిషాలు కూర్చోబెట్టి, కూర ముందు తెచ్చి, అది చల్లారాక పుల్కాలు ఇచ్చాము. పిల్లలతో వచ్చిన మీరు ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఊహించగలము, క్షమించండి. ఆదివారాలు పుల్కాల పెనం దగ్గర ఇద్దరిని పెడుతున్నాము. ఆలస్యమయ్యేటట్లుంటే ఆర్డర్ తీసుకునే ముందే చెబుతాము."

మూడింటి కిందా 'యజమాని' అని మీ పేరే ఉండాలి, 'మేనేజ్‌మెంట్' అని వద్దు. డబ్బు ముగ్గురిలో ఇద్దరికి పంపాలి కదా, అది చేరిన తరువాతే ఆ జవాబులు పెట్టండి. మొదటిది ఈ రాత్రికే పెట్టగలిగితే మంచిది. కార్తీకంలో ఇంకా రెండు సోమవారాలు ఉన్నాయి.