సూట్‌కేసు, బ్యాగు: పోస్టర్ లెక్క

తమ్ముడూ, నువ్వు షాపు నుంచి పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని, తగ్గింపుల పోస్టర్ అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చదివాను. నా లెక్క ప్రకారం సూట్‌కేసు, బ్యాగు రెండూ కలిపి 2,290 రూపాయలకు రావాలి. కానీ రెండు విషయాలు ఫొటోలో తేలడం లేదు. అవి కనుక్కోకుండా మాత్రం బిల్లు వేయించకు.

ముందు, మొత్తం 70 శాతం తగ్గుతుందని నువ్వు చెప్పిన సంగతి. "50% + 20%" అని అంత పెద్దగా రాసి మధ్యలో కూడిక గుర్తు పెడితే ఎవరైనా 70 అనే అనుకుంటారు. అలా రాయడం నాకు అస్సలు నచ్చదు. రెండో తగ్గింపు అసలు ధర మీద కాదురా, మొదటిది పోగా మిగిలిన దాని మీద. నూటికి 50 పోతే 50 మిగులుతుంది. అందులో 20 శాతం అంటే 10. ఇంకా కట్టాల్సింది 40, అంటే మొత్తం తగ్గింది 60 శాతమే. ముందు 20 తీసి తర్వాత 50 తీసినా అదే 40 వస్తుంది, కాబట్టి వరుస గురించి టెన్షన్ వద్దు.

ట్యాగు ధరలు: సూట్‌కేసు 5,200 + బ్యాగు 2,400 = 7,600
7,600 × 0.5 × 0.8 = 3,040

కూపన్ దగ్గర మాత్రం వరుస ముఖ్యం. అది శాతం కాదు, నికరంగా 500 రూపాయలు. శాతాలు తీసేశాక కూపన్ వాడితే 3,040 − 500 = 2,540. అదే ముందు ట్యాగు ధరలోంచి 500 తీసి తర్వాత శాతాలు వేస్తే 7,100 × 0.4 = 2,840 అవుతుంది. అంటే 500 కూపన్ నీకు 200గానే పనికొచ్చినట్టు. మన అదృష్టం, "కూపన్ తగ్గింపుల తర్వాతి మొత్తానికి వర్తిస్తుంది" అని పోస్టర్ మీదే స్పష్టంగా ఉంది. కౌంటర్లో ఎవరైనా వేరేగా చెప్తే ఆ వాక్యం చూపించు.

ఇక కార్డు. 2,500 దాటిన బిల్లుకు 10 శాతం, గరిష్ఠంగా 250. 2,540కి 10 శాతం 254, కానీ 250 దగ్గరే ఆగిపోతుంది. 2,540 − 250 = 2,290. ఇది క్యాష్‌బ్యాక్ అని రాసి ఉంది కాబట్టి కౌంటర్లో 2,540 కట్టాలి, 250 తర్వాత ఖాతాలోకి వస్తుంది. చేతిలో ఉన్న డబ్బు ఆ ప్రకారం చూసుకో.

ఇప్పుడు తేలని రెండు విషయాలు. కూపన్ వాడాలంటే కనీస బిల్లు ఎంతో రాసిన చోట ట్యూబ్‌లైట్ మెరుపు పడి మొదటి అంకె పోయింది. 2,999 కావచ్చు, 3,999 కావచ్చు. 2,999 అయితే మన 3,040 దాటుతుంది. 3,999 అయితే కూపన్ పనికిరాదు, కార్డు 250 మాత్రమే పోయి 2,790 పడుతుంది.

రెండోది ఇంకా పెద్దది. "కొత్త మోడళ్లకు 20% మాత్రమే" అని ఆఖరి వరుసలో ఉంది. నువ్వు తీసిన బ్యాగు ట్యాగు ఫొటోలో ఒక మూల పచ్చ స్టిక్కర్ సగం కనిపిస్తోంది. అది కొత్త మోడల్ స్టిక్కరే అయితే లెక్క మొత్తం మారిపోతుంది:

సూట్‌కేసు 5,200 × 0.4 = 2,080
బ్యాగు 2,400 × 0.8 = 1,920
మొత్తం 4,000, కూపన్ పోగా 3,500, కార్డు 250 పోగా 3,250

ఇక్కడ కనీస బిల్లు 3,999 అయినా ఒక్క రూపాయితో దాటుతున్నాం. అందుకే రెండూ ఒకే బిల్లులో వేయించు. విడివిడిగా వేస్తే కూపనూ రాదు, కార్డు తగ్గింపూ రాదు.

సూట్‌కేసు ఒక్కటే కొంటే 2,080. దానికి కూపన్ వర్తించదు, 2,500 దాటదు కాబట్టి కార్డూ లేదు. ఇప్పుడు బ్యాగుకు నిజంగా ఎంత పడుతోందో చూడు. అన్నీ కలిసొస్తే 2,290 − 2,080, అంటే 210 రూపాయలు. అలాగైతే కళ్లు మూసుకుని తీసుకో. కూపన్ ఒక్కటి పోతే 710, అదీ పర్వాలేదు. కొత్త మోడలైతే మాత్రం 1,170 పడుతుంది. నీ పాత బ్యాగుకు జిప్పు తప్ప ఇంకేం పాడవలేదు కదా, ఆ ధరకైతే జిప్పు మార్పించుకుని సూట్‌కేసు ఒక్కటే తెచ్చుకో.

స్టిక్కర్ పూర్తిగా కనబడేలా ట్యాగు ఫొటో ఒకటి, పోస్టర్‌ను పక్క నుంచి మెరుపు పడకుండా ఇంకొకటి తీసి పంపు. నేను ఫోన్ దగ్గరే ఉంటాను.