ఎల్‌టీఏ, విద్యా రుణ వడ్డీ: రావాల్సిన కాగితాల గురించి

తేదీ: 14 ఫిబ్రవరి 2025
హైదరాబాద్, విజయవాడ ఆఫీసుల్లో పాత పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు

2024-25కి మీరిచ్చిన ఫారం 12బీబీలో కొందరు ఎల్‌టీఏ, కొందరు విద్యా రుణ వడ్డీ చూపించారు కానీ కాగితాలు జత చేయలేదు. ఆధారం లేకుండా మినహాయింపు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఈ నెల 28 సాయంత్రంలోగా కాగితాలు అందకపోతే ఆ మొత్తంపై పన్నంతా మార్చి జీతంలోనే కోయాల్సి వస్తుంది. ఒకే నెలలో అంత కోత పడితే ఇల్లు గడవడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే రెండు వారాల ముందే చెబుతున్నాం.

ఎల్‌టీఏకి టికెట్లు, విమానమైతే బోర్డింగ్ పాసులు, ఆ రోజుల్లో సెలవు మంజూరైన కాగితం కావాలి. రైలు టికెట్ పోతే బుక్ చేసిన ఖాతాలో పాత బుకింగ్‌లు చూడండి. బోర్డింగ్ పాస్ పోతే పీఎన్ఆర్ నంబరుతో విమాన సంస్థకు మెయిల్ పెట్టి, ప్రయాణించినట్టు ధ్రువీకరణ అడగండి. మన దేశంలో చేసిన ప్రయాణ చార్జీలే లెక్కలోకి వస్తాయి. తిరుపతి వెళ్తే రైలు టికెట్ చెల్లుతుంది, అక్కడి గది అద్దె, భోజనం చెల్లవు. 2022-2025 బ్లాక్‌లో ఇప్పటికే రెండు ప్రయాణాలు వాడుకున్నవారు, పాత కంపెనీలో వాడుకున్నది కూడా కలిపి, దయచేసి క్లెయిమ్ వెనక్కి తీసుకోండి.

విద్యా రుణం దగ్గరే ఎక్కువ గందరగోళం కనిపిస్తోంది. చాలామంది ఈఎంఐ మొత్తం రాసేశారు. సెక్షన్ 80ఇ కింద వచ్చేది వడ్డీకి మాత్రమే, అసలుకు కాదు. అందుకే ఖాతా స్టేట్‌మెంట్ సరిపోదు. అసలు, వడ్డీ విడివిడిగా చూపే వడ్డీ సర్టిఫికెట్ బ్యాంకు నుంచి తేవాలి. యాప్‌లో దొరక్కపోతే లోన్ ఇచ్చిన బ్రాంచికి రాసివ్వండి. మార్చి వడ్డీ ఇంకా కట్టలేదు కాబట్టి ప్రస్తుతానికి ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుంటాం. బ్యాంకు లెక్కలో పడినా మీరు కట్టని వడ్డీ పనికిరాదు. లోన్ నాన్నగారి పేరు మీదే ఉండి, అందులో మీ పేరు లేకపోతే, నెలనెలా మీరే కడుతున్నా ఇక్కడ మినహాయింపు ఇవ్వలేం. తమ్ముడి చదువుకో చెల్లి చదువుకో తీసుకున్న లోన్ కూడా ఇందులోకి రాదు. ఇంటి భారం మోస్తున్నవాళ్లకి ఇది బాధ కలిగిస్తుందని తెలుసు, కానీ నిబంధన అలాగే ఉంది.

సర్టిఫికెట్ ఆలస్యమైతే వడ్డీ మినహాయింపు పోయినట్టు కాదు. రిటర్న్ వేసేటప్పుడు మీరే చూపించి, ఎక్కువ కోసిన పన్ను రీఫండ్‌గా తెచ్చుకోవచ్చు. టెన్షన్‌లో ఎవరి దగ్గరో దొంగ బిల్లు మాత్రం తీసుకోకండి. బయటపడితే పన్ను ఎగవేతగా లెక్కేసి, ఆ పన్నుకు రెట్టింపు జరిమానా వేయవచ్చు.

కాగితాల స్కాన్ కాపీలు జీతాల పోర్టల్‌లో పెట్టండి. సందేహం ఉంటే సాయంత్రం 4 నుంచి 6 మధ్య అకౌంట్స్ విభాగానికి రండి. విజయవాడవాళ్లు అదే సమయానికి ఫోన్ చేయొచ్చు.

అకౌంట్స్ విభాగం